కదిలితే నష్టం, కదలక తప్పదు

చదరంగంలో మన వంతు వచ్చిందంటే ఏదో ఒక పావును కదపాల్సిందే. ‘ఈసారికి వదిలేస్తాను’ అనే వీలు లేదు. చేతిలో ఉన్న ప్రతి ఎత్తూ మన స్థితిని చెడగొట్టేదే అయినప్పుడు ఈ నియమమే ఉరితాడవుతుంది. ఆ స్థితిని జుగ్‌జ్వాంగ్ అంటారు. ఇది స్టేల్‌మేట్ కాదు. స్టేల్‌మేట్‌లో వేయడానికి ఎత్తే ఉండదు, ఆట డ్రా అవుతుంది. ఇక్కడ ఎత్తులు ఉంటాయి, వేస్తే ఓడిపోతాం.

బలగం తగ్గినవాళ్లకే ఈ గతి పడుతుందనుకుంటే, 1923లో కోపెన్‌హాగెన్‌లో సేమిష్, నిమ్‌జోవిచ్ ఆడిన ఆట చూడాలి. తెల్లపావులు సేమిష్‌వి. నిమ్‌జోవిచ్ రెండు బంట్లకు బదులు ఒక గుర్రాన్ని వదులుకున్నాడు. అంటే లెక్కకు తెల్లవాళ్లదే పైచేయి. మంత్రి, రెండు ఏనుగులు, రెండు శకటులు, గుర్రం అన్నీ బోర్డు మీదే ఉన్నాయి. అప్పుడు నిమ్‌జోవిచ్ 25వ ఎత్తుగా తన రాజు దగ్గరి అంచు బంటును ఒక్క గడి జరిపాడు. దేనికీ చెక్ చెప్పలేదు, దేన్నీ కొట్టలేదు. సేమిష్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఎందుకు? ఆ బంటు తెల్ల మంత్రికి మిగిలిన చివరి దారిని మూసేసింది. ఇప్పుడు మంత్రి ఎటు కదిలినా పోతుంది. దాన్ని కాపాడుతున్న ఏనుగు పక్కకు తప్పుకుంటే, నల్ల ఏనుగు లోపలికి దిగి మంత్రిని పట్టేస్తుంది. రాజు ఒక గడి జరిగితే, ముందున్న శకటు రాజుకు అడ్డుగా బిగుసుకుపోయి మంత్రికి సాయం రాలేదు. గుర్రం ఎటు దూకినా నల్లబంటు కొడుతుంది. మిగిలినవి కొన్ని బంటు ఎత్తులు, అవి అయిపోగానే మళ్లీ ఇదే సంకటం.

బలమైన స్థితి నిస్సహాయంగా మారే కారణం నాకు ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. తెల్లపావుల్లో ప్రతిదీ ఇంకోదానికి కాపలా కాస్తోంది, లేదా దాని దారికి అడ్డుగా ఉంది. ఎక్కువగా ఉన్న గుర్రం కూడా మొదటి వరుసలో ఇరుక్కుపోయింది. పావుల విలువ అవి కదలగలిగినప్పుడే. కదిలే గడులు లేనప్పుడు ఎన్ని ఉన్నా బరువే.

ఇది అసలైన జుగ్‌జ్వాంగేనా అన్న వాదన కూడా ఉంది. తెల్లవాళ్లకు ఎత్తు వదిలేసే హక్కు ఇచ్చినా, నల్ల ఏనుగు ఒకటి తెల్ల శకటుకు బలై, రెండో ఏనుగు ఆ శకటును కొట్టి మంత్రిని బంధిస్తుంది. ఆ వాదన న్యాయమైనదే. కచ్చితమైన జుగ్‌జ్వాంగ్ ఎక్కువగా ఆట చివర్లో కనిపిస్తుంది. రెండు బంట్లు ముఖాముఖి ఆగిపోయి, చెరో పక్కనుంచి రాజులు తమ బంటును కాస్తూ ఎదుటివాడి బంటును బెదిరిస్తుంటారు. అక్కడ వంతు ఎవరిదైతే వాళ్ల రాజు పక్కకు తప్పుకోవాలి, బంటు పోతుంది.