రెండెకరాల ఇరవై గుంటలు

తెలంగాణలోని ఒక ఊరి గ్రంథాలయంలో ఆ సాయంత్రం పాత పహాణీ పుట ఒకటి గోడ మీద పెద్దదిగా కనబడుతోంది. గ్రంథపాలకురాలు దాన్ని చూపించి ఒక లెక్క అడిగారు. సర్వే నంబరు 12లో రెండు బై నంబర్లున్నాయి. 12/1లో 2-20, 12/2లో 1-35. మొత్తం భూమి ఎంత? ముందు వరుసలోని రైతులు నోటితోనే తేల్చేశారు: "నాలుగెకరాల పదిహేను గుంటలు." కాలేజీ కుర్రాడొకడు అవే అంకెలను 2.20, 1.35 అని ల్యాప్‌టాప్‌లో కొట్టి కూడితే 3.55 వచ్చింది.

ఎకరానికి 40 గుంటలు. కంప్యూటరు షీటుకు ఆ సంగతి తెలియదు. చుక్క తర్వాత ఉన్నది దశాంశమనుకుని వందల లెక్కన కూడింది. దాని 3.55 ఎకరాలంటే మూడెకరాల 22 గుంటలు. అంటే కాగితం మీద చెక్కుచెదరకుండా ఉన్న భూమిలో 33 గుంటలు టైపు చేయగానే మాయమయ్యాయి. ఆంధ్ర జిల్లాల్లో ఎకరానికి వంద సెంట్లు కాబట్టి అక్కడ ఈ కూడిక సరిగ్గానే ఉంటుంది. అక్కడి పద్ధతి అలాగే తెచ్చి ఇక్కడి పహాణీకి వాడితేనే ముప్పు.

ఆమె అంతటితో ఆగలేదు. 2.20లో చివరి సున్నాకు విలువ లేదనుకుని షీటు దాన్ని 2.2గా మార్చేస్తుంది. అది రెండు గుంటలో ఇరవై గుంటలో ఆ తర్వాత చూసినవాళ్లకు ఎలా తెలుస్తుంది? 12/1 అని కొడితే `12-Jan` అయి కూర్చుంటుంది. అందుకే ఒక్క అంకె కూడా కొట్టకముందే గడులన్నిటినీ `Text`గా మార్చమన్నారు. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి వేరువేరుగా పెట్టమన్నారు. వీటికి ముందు ఇంకో గడి ఉండాలి. కాగితం మీద ఎలా ఉందో అలాగే, తప్పున్నా దిద్దకుండా, అందులో రాయాలి. మనకు అర్థమైనది పక్క గడిలోకి వెళ్తుంది. నా మటుకు ఆ సాయంత్రం విన్న మాటల్లో అన్నిటికంటే విలువైనది ఇదే. ఆ రెంటినీ కలిపేస్తే మన ఊహే రికార్డైపోతుంది.

వెనక నుంచి ఒక పెద్దాయన లేచారు. "మా నాయిన పేరు ఒక్క తాననే ఉన్నది మేడమ్. కిందంత రెండు గీతలే గీసిన్రు."

"అవి ఉత్త గీతలు కావు పెద్దాయనా, పైనున్న పేరే ఇక్కడా అని అర్థం" అన్నారామె. పట్వారీ ఒక పేరు రాసి, దాని కింద వరుసగా ఆ గుర్తులే పెట్టుకుంటూ పోయేవాడు. కాగితం మీద దాంతో ఇబ్బంది లేదు. టైపు చేశాక ఎవరో సర్వే నంబర్ల ప్రకారమో విస్తీర్ణం ప్రకారమో వరుస మార్చారనుకోండి, ఆ గీతలు ఇంకెవరి పేరు కిందికో చేరతాయి. ఒకరి భూమి మరొకరిదిగా కనబడుతుంది. దొంగతనం ఎవరూ చేయలేదు, సంతకం ఎవరూ పెట్టలేదు. కాబట్టి గీత ఉన్న ప్రతిచోటా అర్థం చెప్పే గడిలో పూర్తి పేరు నింపాలి.

పట్టాదారు పక్కన అనుభవదారు గడి, చివర షరా గడి ఉంటాయి. పనికిరానివిగా కనబడి ముందు వదిలేసేది వీటినే. 2020లో వచ్చిన ధరణిలో అనుభవదారు కాలమ్ ఉండేది కాదు. పాత పహాణీలో అది ఉంది. పట్టా ఒకరిదై, దున్నింది ఇంకొకరైతే ఆ సంగతి తెలిసేది ఆ గడిలోనే. కొట్టేసిన పేరును కూడా కొట్టేసినట్టుగానే నమోదు చేయాలి.

తప్పు దొర్లిందని పట్టుకునేదెలా? ఇద్దరు వేరువేరుగా టైపు చేయాలి, రెండు ప్రతులూ పోల్చాలి. పుట చివర పట్వారీ వేసిన మొత్తంతో మన మొత్తాన్ని గుంటల్లో సరిచూడాలి. రెండు ప్రతులూ ఒకటై, పట్వారీ మొత్తం మాత్రం కలవకపోతే అది పట్వారీ పొరపాటే కావచ్చు. అప్పుడూ దిద్దకూడదు, పక్కన రాసి పెట్టాలి. స్కాన్ చేసేటప్పుడు అంగుళానికి 300 చుక్కలకు తగ్గకూడదు, రంగుల్లోనే తీయాలి. నలుపు తెలుపుల్లో తీస్తే ఎర్ర సిరాతో చేసిన మార్పేదో, మొదట రాసిందేదో తేడా తెలియదు.

ముందు 1954-55 నాటి ఖాస్రా పహాణీ మొదలుపెడదామన్నారు. మీద ఫసలీ 1364 అని ఉంటుంది, 590 కలిపితే 1954. భూమి తగాదాల్లో ఇప్పటికీ అందరూ వెనక్కి వెళ్లి వెతికే రికార్డు అది.

"ఇది తహసీల్ ఆఫీసుల చెల్లుతదా?" అని ఎవరో అడిగారు. చెల్లదన్నారామె. మనం టైపు చేసింది రుజువు కాదు, చెల్లేది అధికారి ఇచ్చే ధ్రువీకరించిన నకలే. ఆ నకలు కోసం దరఖాస్తు పెట్టాలంటే ఏ సంవత్సరపు పహాణీలో ఏ సర్వే నంబరో రాయాలి. మనవాళ్లలో చాలామంది ఆగిపోయేది అక్కడే. ఈ పట్టికలో తాత పేరు వెతికితే దొరికేవి ఆ రెండు అంకెలే.