కిలో ఎంతకు చెప్పాలి?

విజయవాడలో ఒకావిడ ఇంట్లోనే పుట్టినరోజు కేకులు చేసి అమ్ముతోందనుకుందాం. ఇంట్లో ఉన్నది ఒక చిన్న ఓటీజీ, ఒక హ్యాండ్ బీటర్. ప్రకటనలకు డబ్బు లేదు. వీధి చివర బేకరీలో కిలో పైనాపిల్ కూల్ కేకు 600 రూపాయలు. పేరు లేని కొత్త మనిషి కాబట్టి 550కి ఇస్తే నాలుగు ఆర్డర్లు వస్తాయని ఆవిడకు అనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళూ అదే చెబుతారు. ఆ సలహా ఎక్కడ దెబ్బతీస్తుందో ఒకసారి కాగితం మీద చూద్దాం.

మైదా, గుడ్లు, పంచదార, విప్ క్రీమ్, పండ్ల ముక్కలు, అట్టపెట్టె, కరెంటు అన్నీ కలిపి కేకుకు 230 రూపాయలు అవుతుందనుకుందాం. అంకెలు ఊరిని బట్టి మారతాయి గానీ లెక్క తీరు మారదు. 600కి అమ్మితే మిగిలేది 370, 550కి అమ్మితే 320. వారానికి పది కేకుల మీద వచ్చే 3,700 రూపాయలు తగ్గించిన ధరకు రావాలంటే పన్నెండు కేకులు చేయాలి. ఫోన్లో మాట్లాడటం మొదలు గిన్నెలు తోమటం వరకు ఒక్కో కేకుకు మూడున్నర గంటలు పడుతుంది. అంటే అదే డబ్బు కోసం వారానికి ఏడు గంటల అదనపు చాకిరీ.

బేకరీకి ఈ బాధ లేదు. వాళ్ళ పెద్ద ఓవెన్లో ఒకేసారి చాలా ట్రేలు పడతాయి, ప్రీమిక్స్ బస్తాల్లో వస్తుంది. ఇంటి ఓటీజీలో ఒకటో రెండో టిన్నులు పడతాయి. స్పాంజి ఉడకడానికి దాదాపు నలభై నిమిషాలు, పూర్తిగా చల్లారడానికి ఇంకో రెండు గంటలు. వేడి మీద క్రీమ్ పూస్తే కరిగి జారిపోతుంది, కాబట్టి తొందరపడి లాభం లేదు. ధర తగ్గించి నెగ్గేది ఎక్కువ సరుకు తీయగలిగినవాళ్ళే.

ఇప్పుడు రెండో దారి. అదే కేకులో అసలైన బటర్, పాలక్రీమ్ వాడి, ఖర్చు 380 అయినా 900కి అమ్మితే 520 మిగులుతుంది. పది మందిలో ముగ్గురు వెళ్ళిపోయినా ఏడు కేకుల మీద 3,640 వస్తుంది. గంటలు మాత్రం ముప్ఫై అయిదు నుంచి ఇరవై నాలుగున్నరకు దిగుతాయి.

అయితే 900 అని చెప్పడానికి నాలుక ఒప్పుకునే కారణం ఉండాలి. పైన పూలు ఎక్కువ పెట్టినంత మాత్రాన అది రాదు. మామూలు కూల్ కేకుల్లో ఎక్కువగా వాడేది వనస్పతి కొవ్వుతో చేసిన క్రీమ్. తిన్నాక అంగిట్లో జిడ్డుగా పొరలా మిగులుతుంది. పాలక్రీమ్ నోట్లో పెట్టగానే కరుగుతుంది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద కొవ్వు శాతం చూడాలి. మామూలుగా దొరికే 25 శాతం ఫ్రెష్ క్రీమ్ ఎంత గిలకొట్టినా గట్టిగా నిలవదు, 35 శాతం దాకా ఉండాలి. దీనికీ ఒక ఇబ్బంది ఉంది. మే నెల బెజవాడ ఎండలో ఈ కేకు కాసేపట్లోనే జారుతుంది. చల్లటి పెట్టెలోనే పంపాలి, దూరపు ఆర్డర్లు వద్దనుకోవాలి. ఇది చెప్పకుండా ఇచ్చారా, తరువాత వచ్చే ఫోన్ ఫిర్యాదే.

చాలామంది ఈ రెండు దారుల మధ్య ఇరుక్కుపోతారు. బటర్ వేస్తారు, బేకరీ ధరకే ఇస్తారు. "మనవాళ్ళే కదా" అని చుట్టాలకు ఇంకో యాభై తగ్గిస్తారు. నా దృష్టిలో నష్టానికి అసలు మూలం ఇదే. చవకగానే అమ్మాలనుకుంటే కప్ కేకులు, బ్రౌనీలు, టీ కేకులు నయం. ఒక ట్రేలో ఎన్నో ముక్కలు దిగుతాయి, ఒక్కోదానికి విడిగా అలంకరణ అక్కర్లేదు.

ఇక డబ్బు లేని ప్రచారం. పుట్టినరోజున కేకు కోసేది పదిహేను మంది ముందు. అందరూ రుచి చూస్తారు, ఎక్కడ చేయించారని అడుగుతారు. ఆ క్షణంలో పెట్టె మీద ఫోన్ నంబరు, లోపల ఏం వాడారో, ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ నంబరు కనబడాలి. ఈ స్టిక్కర్ ఖర్చు తప్పించుకోకూడదు. రెండోది ఒక నోటుపుస్తకం. ఎవరి పిల్లవాడి పుట్టినరోజు ఏ తేదీనో, పోయినసారి ఏ కేకు తీసుకున్నారో రాసుకుని, మరుసటి ఏడు వారం ముందు ఫోన్ చేయాలి. పుట్టినరోజు ఏటా వస్తుంది కాబట్టి పాత ఖాతాదారే మళ్ళీ ఆర్డరిస్తాడు.

ధర సరిపోయిందో లేదో కూడా ఈ పుస్తకమే చెబుతుంది. ఒక్కరూ బేరమాడకపోతే తక్కువకు అమ్ముతున్నట్టు. ధర విని వచ్చినవాళ్ళు రెండోసారి రాకపోతే లోపం ధరలో లేదు, కేకులో ఉంది.

రేపెవరైనా "కిలో ఎంతండీ?" అని ఫోన్ చేస్తే, అందులో ఏం వేస్తారో ముందు చెప్పండి. ధర ఆ తరువాత చెప్పండి.