ఫొటోలో ఆకు, కింద రేటు

చిన్నాన్న వాళ్ల గృహప్రవేశానికి భోజనాల పని నాకు అప్పజెప్పారు. క్యాటరింగ్ ఆయన ఫోన్‌కి ఒక ఫొటో పంపారు. అరటాకు నిండా బొబ్బట్టు, పులిహోర, మిర్చి బజ్జీ, గుత్తి వంకాయ, ఉలవచారు, మీగడ పెరుగు. పక్కన కిళ్లీ. కింద ‘ప్లేటు ₹220 నుంచి’ అని ఉంది.

ఆ ‘నుంచి’ని నేను పట్టించుకోలేదు. ₹220కి వచ్చేది పప్పు, కూర, వేపుడు, సాంబారు, పెరుగుతో మామూలు భోజనం. ఫొటోలోని ఆకు ₹320. పైగా 150 ప్లేట్లకు తక్కువైతే ఒప్పుకోరు. వచ్చింది 120 మంది. అయినా 150కి లెక్కగట్టి ₹48,000 ఇచ్చాం. తిన్న మనిషికి ₹400 పడిందన్నమాట.

కనీస సంఖ్య పెట్టడం అన్యాయమని నేననను. మంది తగ్గితే బియ్యం, కూరగాయలు తగ్గుతాయి గానీ వంటమాస్టరు కూలీ, గిన్నెలు మోసే బండి కిరాయి తగ్గవు. ఆ ఖర్చంతా 60 మంది మీదే పడితే ప్లేటు రేటు గిట్టదు. అయితే ఆ సంగతి ఫొటో కిందే కనపడాలి. నన్నడిగితే ఇలా రాయాలి:

‘ఫొటోలో ఉన్న భోజనం ప్లేటు ₹320. మామూలు భోజనం ₹220, అందులో బొబ్బట్టు, బజ్జీ ఉండవు. కనీసం 150 ప్లేట్లు; తక్కువ మంది వచ్చినా 150కి బిల్లు. ఆకులు, మంచినీళ్లు, వడ్డన రేటులోనే కలిశాయి. బండి కిరాయి, జీఎస్టీ అదనం. తేదీ ఖాయానికి 25 శాతం అడ్వాన్స్. ఎంతమందో 3 రోజుల ముందు చెప్పాలి. 15 రోజుల ముందు వద్దనుకుంటే సగం అడ్వాన్స్ వాపసు, ఆ తర్వాత లేదు.’

ఇందులో ఎక్కువ గొడవలు వచ్చేది అడ్వాన్స్ దగ్గరే. మా లెక్కలో అది ₹12,000. ఆ డబ్బు తీసుకున్నాక అదే ముహూర్తానికి అడిగిన ఇంకొకరిని ఆయన కాదనాలి. మాఘమాసంలో అలా వదులుకున్న బేరం మళ్లీ దొరకడం కష్టం. కాబట్టి కొంత ఉంచుకోవడంలో తప్పులేదు. నెల ముందే చెప్పినా మొత్తం ఉంచుకుంటామంటే మాత్రం అడగాల్సిందే, ఎందుకంటే అప్పటికి ఆయన ఒక్క కిలో పప్పు కూడా కొని ఉండరు. మూడు రోజుల గడువుకీ కారణం ఇదే. పాలు, పెరుగు, కూరగాయలకు ఆర్డర్ వెళ్లేది అప్పుడే. తేదీ రద్దు కాకుండా మారితే అడ్వాన్స్ కొత్త తేదీకి వర్తిస్తుందో లేదో కూడా రాయించుకోవాలి. ఇంట్లో అనుకోని కష్టం వస్తే అదే అక్కరకొస్తుంది.

మంది పెరిగినప్పుడు తగాదా లెక్క దగ్గర వస్తుంది. బంతి భోజనమైతే వేసిన ఆకులు, బఫే అయితే వాడిన ప్లేట్లు లెక్కపెడతారు. మొదటి బంతికి ముందే ఆకుల కట్టలు మన మనిషి ఒకరు లెక్కపెట్టి, చివర్న మిగిలినవి చూసుకోవాలి. ఆ రోజు నేను మా తమ్ముణ్ని అక్కడ కూర్చోబెట్టాను. వచ్చింది 120 మందేనని మేమూ, క్యాటరింగ్ ఆయనా ఒకే మాట మీద ఉన్నది అందుకే.