ఎవరి అడ్రసు ఎవరికి కనిపించాలి?

2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమైంది. అంతకుముందు బ్రిటిష్ బలగాలతో కలిసి పనిచేసిన అఫ్గాన్లు చాలామంది ప్రాణభయంతో తలదాచుకున్నారు. వాళ్లను బ్రిటన్‌కు తరలించే పని చూస్తున్న రక్షణ శాఖ బృందం సెప్టెంబరు 20న 245 మందికి ఒకేసారి ఈమెయిల్ పంపింది. Bcc గడిలో ఉండాల్సిన అడ్రసులు To గడిలో చేరాయి. దాంతో ఒకరి అడ్రసు మిగతా అందరికీ తెలిసిపోయింది. వాళ్లలో 55 మందికి ప్రొఫైల్ ఫొటోలు కూడా ఉన్నాయి. పైగా ఇద్దరు ‘రిప్లై ఆల్’ నొక్కారు. అందులో ఒకరు తామున్న చోటు కూడా రాసేశారు. ఆ జాబితా తాలిబన్లకు చిక్కి ఉంటే ప్రాణాలకే ముప్పు వచ్చి ఉండేదని బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం తప్పుపట్టింది. 2023 డిసెంబరులో రక్షణ శాఖకు 3,50,000 పౌండ్ల జరిమానా వేసింది.

మనం రోజూ పంపే మెయిళ్లలో ప్రాణాలకు ముప్పు ఉండకపోవచ్చు. కానీ మన ముందుండేదీ ఆ గడులే. కాబట్టి అవి ఎలా పనిచేస్తాయో ఒకసారి సరిగ్గా తెలుసుకోవాలి.

మెయిల్ రాసి సెండ్ నొక్కగానే సర్వర్‌కు రెండు విషయాలు వెళ్తాయి. మొదటిది, ఎవరెవరికి అందించాలన్న జాబితా. ఇందులో మూడు గడుల్లోని అడ్రసులూ ఉంటాయి. రెండోది, అందుకున్నవాళ్లు తెరిచి చదివే ఉత్తరం. దాని పైభాగంలో To, Cc వరుసలు మాత్రమే ఉంటాయి. బీసీసీలో పెట్టినవాళ్ల పేర్లు ఇతరులకు వెళ్లే కాపీలో ఉండవు. ఉత్తరం అందరికీ ఒకేలా అందుతుంది, పేర్లు మాత్రం కొందరివే కనిపిస్తాయి. ‘రిప్లై ఆల్’ నొక్కినప్పుడు మెయిల్ ప్రోగ్రామ్ ఆ కనిపించే పేర్లనే తీసుకుంటుంది. అంటే జవాబు పంపినవారికి, To, Cc వరుసల్లో ఉన్నవారికి వెళ్తుంది. బీసీసీలో ఉన్నవారికి వెళ్లదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే, ఎప్పుడు ఏ గడి వాడాలో చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి పనినే తీసుకుందాం. అరవై ఫ్లాట్లున్నాయి. ఆదివారం వాటర్ ట్యాంకు కడుగుతారు, పొద్దున పదినుంచి రెండుదాకా నీళ్లు రావని అందరికీ చెప్పాలి. ఈ అరవై కుటుంబాల్లో కొందరు అద్దెకున్నవాళ్లు, కొందరు అమెరికాలో ఉండే యజమానులు. చాలామందికి ఒకరి మెయిల్ అడ్రసు ఇంకొకరికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కాబట్టి టూ గడిలో సంఘం అడ్రసే పెట్టి, అరవై అడ్రసులూ బీసీసీలో పెట్టాలి. అధ్యక్షుణ్ని, కోశాధికారిని మాత్రం సీసీలో ఉంచడం మంచిది. ఈ విషయం వాళ్లకూ తెలుసని అందరికీ అర్థమవుతుంది. ఇప్పుడు మూడో అంతస్తు ఆయన ‘మాకు ఆ రోజు పెళ్లిచూపులు, ఇంకో రోజు పెట్టకూడదా?’ అని రిప్లై ఆల్ కొట్టినా, అది ఆ ముగ్గురి దగ్గరే ఆగుతుంది. అదే సీసీలో పెట్టి ఉంటే అరవై ఇళ్లకూ వెళ్లేది. దానికి జవాబులు, ఆ జవాబులకు జవాబులు, చివరికి ‘నన్ను ఈ మెయిళ్లలోంచి తీసేయండి’ అనే మెయిల్ కూడా అందరికీ వెళ్లేది.

అదే కార్యదర్శి లిఫ్టు తరచూ ఆగిపోతోందని మరమ్మతు కంపెనీకి ఫిర్యాదు రాస్తే పద్ధతి మారుతుంది. టూలో కంపెనీ ఇంజనీరు ఒక్కరే ఉండాలి, ఎందుకంటే పని చేయాల్సింది ఆయనే. టూలో నలుగురిని పెడితే ఎవరికివారు ఇంకొకరు చూసుకుంటారులే అనుకుంటారు. అధ్యక్షుడూ కోశాధికారీ సీసీలో ఉండాలి. వాళ్లు చేయాల్సిన పనేమీ లేదు, సంగతి తెలిస్తే చాలు. ఇంజనీరు రిప్లై ఆల్ కొడితే ఆయన ఇచ్చిన మాట వాళ్లకూ చేరుతుంది. ఇక్కడ వాళ్లను బీసీసీలో దాస్తే అటు ఇంజనీరుకు వాళ్లు చూస్తున్నారని తెలియదు, ఇటు ఆయన జవాబు వాళ్లకు రాదు.

ఈ మెయిల్ ఇంకొకరికి కూడా చూపించాలి. రెండుసార్లు లిఫ్టులో ఇరుక్కుపోయిన ఐదో అంతస్తు పెద్దావిడ తన ఫిర్యాదు కంపెనీ దాకా వెళ్లిందో లేదోనని అడుగుతున్నారు. ఆవిడ అడ్రసు కంపెనీకి ఎందుకని కార్యదర్శి ఆవిడను బీసీసీలో పెట్టారనుకోండి. ఆవిడ మెయిల్ చదివి, మండిపోయి, రిప్లై ఆల్ కొడతారు. ఆవిడకు కనిపించే పేర్లలో ఇంజనీరు ఉన్నాడు కాబట్టి ఆ కోపమంతా నేరుగా ఆయనకే చేరుతుంది. ఆవిడను చాటుగా కలిపిన సంగతీ బయటపడుతుంది. బీసీసీతో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువమంది ఊహించనిది ఇదే. దాచినవాళ్లు దాగి ఉండాలంటే వాళ్లే జాగ్రత్తపడాలి, కానీ తాము దాగి ఉన్నామని వాళ్లకు తెలియకపోవచ్చు. అందుకే ముందు ఇంజనీరుకు మెయిల్ పంపి, తర్వాత సెంట్ ఫోల్డర్లోంచి ఆవిడకు విడిగా ఫార్వర్డ్ చేయాలి. ‘మీ విషయం ఇలా రాశానమ్మా’ అని పైన ఒక మాట కలపాలి. అప్పుడు ఆవిడ రిప్లై ఆల్ కొట్టినా అది కార్యదర్శికే వస్తుంది.

ఆఫీసుల్లో తోటి ఉద్యోగికి రాసే మెయిల్లో పై అధికారిని బీసీసీలో పెట్టే అలవాటు కొందరికి ఉంది. అది నా దృష్టిలో తప్పు. ఆయనకు తెలియాల్సిన సంగతైతే బాహాటంగా సీసీలో పెట్టండి, లేదా తర్వాత ఫార్వర్డ్ చేయండి. చాటుగా చూపించిన మెయిల్ ఒక్కసారి బయటపడితే, ఆ మనిషి మిమ్మల్ని మళ్లీ నమ్మడు. ఇద్దరిని పరిచయం చేసిన మిత్రుణ్ని, పరిచయం అయ్యాక బీసీసీలోకి మార్చడం మాత్రం మంచి మర్యాద. ‘థాంక్స్ అన్నయ్యా, మిమ్మల్ని బీసీసీలోకి మారుస్తున్నాను’ అని మెయిల్లోనే రాస్తే దాపరికమేమీ ఉండదు. ఆ తర్వాతి మెయిళ్లు ఆయన ఇన్‌బాక్సులో పేరుకుపోవు.

మీకు వచ్చిన మెయిల్లో టూ, సీసీ రెండింట్లోనూ మీ అడ్రసు లేకపోతే, మిమ్మల్ని బీసీసీలో పెట్టి ఉండొచ్చని గుర్తించండి. జీమెయిల్లో పంపినవారి పేరు కింద bcc: me అని కూడా కనిపిస్తుంది. అలాంటప్పుడు రిప్లై ఆల్ జోలికి వెళ్లకండి, పంపినవారికి మాత్రమే జవాబివ్వండి.

బీసీసీకి హద్దులూ ఉన్నాయి. చెయ్యి జారి ఒక గడిలో పెట్టాల్సినవి ఇంకో గడిలో పెడితే అది మనల్ని ఆపదు. అఫ్గాన్ల విషయంలో జరిగిందీ అదే. రోగులకో బాధితులకో రాసేటప్పుడు బీసీసీని నమ్ముకోవడం సరికాదు, ఒక్కొక్కరికీ విడివిడిగా మెయిల్ వెళ్లే మెయిల్ మెర్జ్ వాడాలి. మిగతా సందర్భాల్లో ముందు విషయం రాసి, అడ్రసులు చివర్లో పెట్టి, ఏ వరుసలో పడ్డాయో చూసి పంపడం అలవాటు చేసుకోవాలి. పొరపాటు జరిగిపోతే అదే మెయిల్‌కు రిప్లై ఆల్ కొట్టి క్షమాపణ చెప్పొద్దు, జాబితా మళ్లీ అందరి ముందుకూ వస్తుంది. కొత్త మెయిల్ తెరిచి, అడ్రసులు బీసీసీలో పెట్టి, పాతది తీసేయమని కోరండి.

జీమెయిల్ సెట్టింగ్స్‌లో Undo Send అని ఒకటుంది. సెండ్ నొక్కాక మెయిల్‌ను వెనక్కి తీసుకోవడానికి అది 5 సెకన్ల నుంచి 30 సెకన్ల దాకా గడువిస్తుంది. ఇవాళే దాన్ని 30కి మార్చుకోండి.