పెళ్లికూతురి కళ్లలో ఎరుపు ఎంతవరకు తీయాలి?

తెల్లవారుజామున ముహూర్తం, రాత్రంతా నిద్ర లేదు, ఎదురుగా హోమం పొగ. తలంబ్రాల ఫొటోలో పెళ్లికూతురి కళ్లు ఎర్రబడ్డాయంటే ఆశ్చర్యం లేదు. ఆల్బమ్‌లో ఆ ఎరుపు కాస్త తగ్గించమని ఇంట్లోవాళ్లు అడుగుతారు. తొందరలో ఉన్నవాళ్లు తెల్లగుడ్డు మొత్తాన్నీ ఒకేసారి తెల్లగా చేసేస్తారు. అప్పుడా కళ్లు కాగితం కత్తిరించి అతికించినట్టు కనిపిస్తాయి.

ఎందుకంటే తెల్లగుడ్డు నిజానికి పూర్తి తెలుపు కాదు, చదునుగానూ ఉండదు. పైరెప్ప నీడ దాని మీద పడుతుంది, మూలలు మసకగా ఉంటాయి. కన్ను గుండ్రంగా ఉందని మనకు తెలిసేది ఆ నీడ వల్లే. అందుకే రంగు పని వేరుగా, వెలుగు పని వేరుగా చేయాలి.

ముందు రంగు. ఫొటోషాప్‌లో Hue/Saturation లేయర్ వేసి, Reds ఎంచుకుని, Saturation సుమారు −40కి దించండి. ముఖమంతా పాలిపోతుంది, కంగారు పడకండి. Ctrl+I నొక్కి మాస్క్‌ను నల్లగా మార్చి, అంచులు మెత్తగా ఉన్న తెల్లబ్రష్‌తో, Opacity 30% దగ్గర పెట్టి, ఎర్రబడ్డ చోట మాత్రమే కొద్దికొద్దిగా రుద్దండి. −100కి దించితే ఎరుపు పోయి బూడిదరంగు వస్తుంది, కళ్లలో జీవం పోతుంది. ముక్కువైపు మూలనున్న చిన్న కండ, కిందిరెప్ప తడి అంచు గులాబీరంగులోనే ఉండాలి. అవి పాలిపోతే మనిషికి జబ్బు చేసినట్టుంటుంది.

నరాల్లో లావుగా కొట్టొచ్చినట్టున్న ఒకటి రెండింటినే వేరే లేయర్ మీద Healing Brushతో తీయండి. సన్నవి ఉండనివ్వండి.

తర్వాత వెలుగు. Curvesలో గీత మధ్యభాగాన్ని 128 నుంచి 140 దాకా ఎత్తితే చాలు. దీన్ని కూడా అలాగే మాస్క్ చేసి తెల్లగుడ్డు నడిమి భాగంలో మాత్రమే పూయాలి, రెప్పనీడ దగ్గరికి వెళ్లకూడదు. లైటు ఎడమవైపు నుంచి పడిందనుకోండి, కుడివైపు కన్ను కాస్త చీకటిగానే ఉండాలి. రెండింటినీ సమానం చేస్తే ముఖం మీది వెలుగుకూ కళ్లకూ పొంతన కుదరదు. నల్లగుడ్డులో మెరిసే లైటు చుక్కే కంటిలో అన్నిటికన్నా ప్రకాశంగా ఉండాలి. తెల్లగుడ్డు దానితో పోటీ పడుతోందంటే హద్దు దాటినట్టే.

ఫొటోను బొటనవేలి గోరంత చేసి చూడండి. ముఖం కన్నా ముందు కళ్లే కనిపిస్తే లేయర్ Opacity తగ్గించండి.

రెప్పల వాపును ఈ పద్ధతి తీయలేదు. కళ్లు తేటగా చేసి రెప్పలు ఉబ్బినట్టే వదిలేస్తే తేడా ఇంకా ఎక్కువ తెలుస్తుంది కాబట్టి, అలాంటి ఫొటోలో ఎరుపు సగమే తగ్గించడం మంచిది. అప్పగింతల ఫొటోల్లోనైతే నేను ఎరుపు జోలికే వెళ్లను. అక్కడ అమ్మాయి ఏడ్చింది, ఆ ఎరుపు ఆ ఫొటోదే.