మెడ వెనుక మిల్లీమీటరు

అల్ రువైస్‌లో నివసించే ఒక తెలుగు గృహిణికి 12వ వారపు స్కానింగు తరువాత “100కు 1” అన్న ఫలితం వచ్చిందనుకుందాం. గర్భస్థ శిశువు మెడ వెనుక చర్మం క్రింద చేరిన ద్రవపు మందాన్ని కొలిచి, తల్లి వయస్సునూ, ఆమె రక్తంలోని రెండు పదార్థాల స్థాయినీ కలిపి కట్టిన లెక్క ఇది. ఈ మందానికీ క్రోమోజోముల లోపాలకూ గల సంబంధాన్ని 1992లో లండన్‌లో నికొలాయిడిస్ బృందం వెల్లడించింది.

ఇదే ఫలితం పొందిన 100 మందిలో 99 మంది శిశువులకు డౌన్ సిండ్రోము ఉండదు. మిగిలిన ఆ ఒక్కరెవరో కొలత చెప్పజాలదు. పైగా శిశువు మెడ వెనుకకు వాలి ఉంటే మందం 0.6 మిల్లీమీటరు వరకు ఎక్కువగా కనబడవచ్చు. నిర్ధారణ మాయ కణాల పరీక్షతోనో, ఉమ్మనీటి పరీక్షతోనో జరగాలి. క్రోమోజోములు సవ్యంగా ఉన్నా, మందం 3.5 మిల్లీమీటర్లు దాటితే శిశువు గుండెను పరిశీలించవలసి ఉంటుంది. తక్కువ కొలత అనుమానాన్ని తగ్గిస్తుందే గాని తుడిచివేయదు.