ఎడమ కన్నా, ఎడమ పక్కా?

అరవై దాటిన ఒక పెద్దాయన. బీపీ ఉంది, మాత్రలు అప్పుడప్పుడు మరిచిపోతుంటారు. ఒక ఉదయం లేచి పేపరు తీస్తే, వరుస చివరి దాకా చదవగలుగుతున్నారు గానీ తర్వాతి వరుస ఎక్కడ మొదలవుతుందో దొరకడం లేదు. లోపలికి వెళ్తూ ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకున్నారు. స్కూటర్ బయటికి తీస్తుంటే ఎడమ వైపు అద్దం గేటుకు గీసుకుపోయింది. "నా ఎడమ కన్ను పోయినట్టుందే" అన్నారు భార్యతో. ఇద్దరూ కళ్లజోళ్ల షాపుకి వెళ్లారు. అక్కడ అక్షరాల బోర్డు చూపిస్తే కాస్త తడుముకున్నా చిట్టచివరి వరుస దాకా చదివేశారు. "కళ్లు బాగానే ఉన్నాయండీ, పవర్ కూడా మారలేదు" అని పంపించేశారు.

కంటి డాక్టర్లకూ న్యూరాలజిస్టులకూ ఇలాంటి పెద్దాయనలు తరచూ తారసపడుతుంటారు. షాపులో చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, కళ్లు నిజంగానే బాగున్నాయి. పెద్దాయన పొరపడింది ఒక్క చోటే. పోయింది ఎడమ కన్ను కాదు, ఎడమ పక్క.

ఈ రెంటికీ తేడా తేల్చడానికి యంత్రమేమీ అక్కర్లేదు. డాక్టరు ఓ చేయి దూరంలో ఎదురుగా కూర్చుంటారు. "కుడి కన్ను అరచేత్తో మూయండి. నా ముక్కు వైపే చూడండి, పక్కకి చూడొద్దు" అంటారు. తర్వాత పైనా కిందా, ఈ పక్కా ఆ పక్కా వేళ్లు చూపిస్తూ ఎన్నో అడుగుతారు. కుడి పక్క చూపించినప్పుడు పెద్దాయన టకటకా చెప్పేస్తారు. ఎడమ పక్క చూపించినప్పుడు "అసలు మీరు చెయ్యెత్తారా అండీ?" అంటారు. అసలు సంగతి ఎడమ కన్ను మూసినప్పుడు బయటపడుతుంది. బాగుందనుకున్న కుడి కన్నుకి కూడా ఎడమ సగం లేదు! ఒక కన్ను చెడితే రెండోదానికి ఇలా అచ్చం అదే పక్కన లోటు రాదు. రెండు కళ్లకూ ఒకే పక్క చీకటైందంటే దెబ్బ కళ్లలో లేదు, వాటి వెనకాల తలలో ఎక్కడో ఉంది.

ఎక్కడ ఉందో చెప్పాలంటే చూపు ప్రయాణించే దారి తెలియాలి. కంటి లోపలి గోడకు పరుచుకున్న పల్చటి పొర రెటీనా. వెలుగు అక్కడ నాడీ సంకేతంగా మారుతుంది. కంటి ముందున్న కటకం బొమ్మను తిరగేస్తుంది కాబట్టి, మనకి ఎడమ పక్కనున్న వస్తువు రెండు కళ్లలోనూ రెటీనా కుడి సగం మీద పడుతుంది. అంటే ఎడమ కంట్లో ముక్కు వైపు సగం మీద, కుడి కంట్లో చెవి వైపు సగం మీద. పైనున్నది కింది భాగం మీద పడుతుంది. ఈ తిరగేత ఒక్కటి గుర్తుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

రెటీనా నుంచి పది లక్షలకు పైగా సన్నటి నాడీ పోగులు కలిసి ఒక్కో కంటి వెనక నుంచి ఆప్టిక్ నాడిగా బయల్దేరతాయి. ఇక్కడిదాకా ఏ కంటి దారి ఆ కంటిదే. అందుకే ఆప్టిక్ నాడికి వాపు వచ్చినా, దాని మీద గడ్డ ఒత్తినా ఆ ఒక్క కన్నే మసకబారుతుంది. తర్వాత రెండు నాడులూ మెదడు అడుగున ఒక చోట కలుస్తాయి. ఆ కూడలి పేరు కయాజ్మా. అక్కడ ముక్కు వైపు సగం నుంచి వచ్చిన పోగులు అవతలి పక్కకి దాటిపోతాయి. చెవి వైపు సగం నుంచి వచ్చినవి దాటకుండా తమ పక్కనే సాగిపోతాయి. దాంతో కూడలి దాటాక లెక్క మారిపోతుంది. అప్పటిదాకా కుడి కన్ను, ఎడమ కన్ను అని విడిగా ఉన్న దారులు ఇక మీదట కుడి పక్క, ఎడమ పక్క అని విడిపోతాయి. రెండు కళ్లూ చూసిన ఎడమ పక్క అంతా మెదడు కుడి సగానికి, కుడి పక్క అంతా ఎడమ సగానికి చేరుతుంది. మన పెద్దాయనకి దెబ్బ కయాజ్మా దాటాక, కుడి వైపు దారిలో తగిలింది. వేళ్లు లెక్కపెట్టించిన రెండు మూడు నిమిషాల్లో ఇంతవరకూ తేలిపోయింది.

కయాజ్మాకే దెబ్బ తగిలితే ఏమవుతుందో కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఆ జబ్బు ఏళ్ల తరబడి కనిపించకుండా పెరగగలదు. కయాజ్మాకి సరిగ్గా కింద పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. దానికి గడ్డ లేచి పైకి పెరిగితే, మధ్యలో దాటుతున్న పోగులు నలుగుతాయి. అవి ముక్కు వైపు సగాల నుంచి వచ్చినవి కాబట్టి, రెండు కళ్లకూ బయటి వైపు చూపు తగ్గుతుంది. ఒత్తిడి కింది నుంచి వస్తుంది కనుక ముందు నలిగేది కూడలి అడుగున ఉన్న పోగులు, ముందు పోయేది పై మూలలు. రోగికి ఇది వెంటనే తెలియదు. రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒక కంటికి పోయిన భాగంలో చాలా మేరకు రెండో కన్ను చూసి పెడుతుంది. తెలిసేది సూదిలో దారం ఎక్కించేటప్పుడు. చూపు సూది బెజ్జం మీద నిలపగానే దాని వెనకాలున్న దారం, వేళ్లు మాయమైపోతాయి. చూపు నిలిపిన చోటుకి అవతల ఉన్న వస్తువు రెండు రెటీనాల్లోనూ ముక్కు వైపే పడుతుంది, ఆ దారులు రెండూ దెబ్బతిన్నవే. ఇలా అనిపించే మనిషికి నెలసరి ఆగిపోవడమో, ఉంగరం, చెప్పులు బిగుతవడమో తోడైతే కళ్లజోడు మార్చి ఊరుకోకూడదు. ఎమ్మారై తీయించాలి.

మళ్లీ పెద్దాయన దగ్గరికి వద్దాం. కయాజ్మా దాటిన దారి థాలమస్ అనే భాగంలో ఒక మజిలీ చేసి, అక్కడి నుంచి విసనకర్రలా విచ్చుకుని తల వెనక భాగానికి వెళ్తుంది. ఆ పోగుల్లో కొన్ని కణత లోపల ముందుకు వెళ్లి వంపు తిరిగి వెనక్కి వస్తాయి. అవి మోసుకెళ్లేది పై సగం చూపు. మూర్ఛకు కణత భాగంలో ఆపరేషన్ చేసినప్పుడు కొందరికి ఎదుటి పక్క పై మూల ఒక ముక్క చీకటవుతుంది, కారణం ఈ వంపే. నడినెత్తి పక్క భాగం గుండా వెళ్లే పోగులు కింది సగం చూపువి. అక్కడ దెబ్బ తగిలితే కింది మూల పోతుంది, మెట్లు దిగేటప్పుడు కాలు తడబడుతుంది. పెద్దాయనకి మూల కాదు, పైనా కిందా కలిపి పూర్తి సగం పోయింది. అంటే పోగులు అలా విడిపోని చోటైనా అయ్యుండాలి, అవన్నీ మళ్లీ కలిసే చోటైనా అయ్యుండాలి.

అవి మళ్లీ కలిసేది మెదడు వెనక కొసన, కాల్కరైన్ అనే గాడి చుట్టూ. అక్కడ ఏ చూపు ఎక్కడ పడుతుందో తెలిసిన తీరు బాధ కలిగిస్తుంది. 1904-05లో రష్యా, జపాన్ మధ్య యుద్ధం జరిగింది. అప్పటి కొత్త రైఫిళ్ల తూటాలు చిన్నవి, మహా వేగం గలవి. పుర్రెలోంచి తిన్నగా దూసుకుపోయినా కొందరు సైనికులు బతికారు. వాళ్లకి చూపు ఎంత పోయిందో లెక్కగట్టే పని తత్సుజీ ఇనోఉయే అనే కంటి డాక్టరుకి అప్పగించారు. తూటా దూరిన చోటు, బయటికొచ్చిన చోటు కొలిచి, మధ్యలో మెదడు ఎక్కడ తెగి ఉంటుందో లెక్కకట్టి, ఆ సైనికుడికి చూపు పోయిన భాగంతో పోల్చారాయన. 1909లో ఆ పని పుస్తకంగా అచ్చయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ న్యూరాలజిస్టు గోర్డన్ హోమ్స్ తల వెనక గాయపడిన సైనికులను పరీక్షించి ఇంకా వివరమైన పటం గీశారు. గాడి పై గట్టున కింది చూపు, కింది గట్టున పై చూపు ఉంటాయి. చూపు నడిబిందువుకి చోటు చిట్టచివరి కొసన. ఆ నడిబిందువు చుట్టూ ఉన్న కాస్తంత మేరకే అక్కడ సగానికి పైగా జాగా దక్కుతుంది. అక్షరాలు, ముఖాలు చూసేది ఆ కాస్తతోనే కదా.

పెద్దాయనకి పెరిమెట్రీ చేశారు. గడ్డం ఆనించి, గిన్నెలాంటి తెర మధ్యలోకి చూస్తూ, ఎక్కడైనా చుక్క మెరిస్తే మీట నొక్కే పరీక్ష ఇది. రెండు కళ్లకీ విడిగా వచ్చిన కాగితాలు పక్కపక్కన పెడితే రెంటిలోనూ ఎడమ సగం నల్లగా ఉంది. ఆ నలుపు అంచు రెండు కాగితాల్లోనూ ఒకేలా ఉంది. ఇది పెద్ద ఆధారం. కయాజ్మా దాటిన కొత్తలో రెండు కళ్ల పోగులు ఇంకా సరిగ్గా జతపడి ఉండవు, కాబట్టి అక్కడ దెబ్బ తగిలితే రెండు కళ్ల లోటు తరచూ హెచ్చుతగ్గులుగా ఉంటుంది. వెనక్కి వెళ్లేకొద్దీ జతలు కుదురుతాయి. అయితే పూర్తి సగం పోయినప్పుడు ఈ పోలిక మీద మరీ ఆధారపడకూడదు. ఎక్కడ తెగినా పూర్తి సగం పూర్తి సగమే. ఇక్కడ పనికొచ్చింది మరో ఆనవాలు. నలుపు సరిగ్గా మధ్యకి వచ్చేసరికి చూపు బిందువు దగ్గర చిన్న అర్ధచంద్రంలా వెనక్కి తగ్గింది, అంతమేరకు చూపు మిగిలింది. గాడికి రక్తం ఇచ్చేది మెదడు వెనకటి ధమని. చివరి కొసకు మాత్రం చాలామందిలో మరో ధమని కొమ్మ నుంచి కూడా రక్తం అందుతుంది. వెనకటి ధమని మూసుకుపోయినా కొస బతికిపోతుంది. కుడి సగం చూపు చెక్కుచెదరకుండా ఉంది కాబట్టే ఆయన షాపులో బోర్డంతా చదివారు.

టార్చి వేస్తే రెండు కనుపాపలూ చక్కగా ముడుచుకున్నాయి. కనుపాపను నడిపే పోగులు థాలమస్‌కి ముందే దారి మళ్లిపోతాయి కాబట్టి వెనక కొసన దెబ్బ తగిలితే కనుపాపలో తేడా ఉండదు. కాళ్లూ చేతులూ పట్టు తప్పలేదు, మూతి వంకర పోలేదు, మాట తడబడలేదు. ఎమ్మారైలో కుడి వైపు వెనకటి ధమని పరిధి దెబ్బతిన్నట్టు కనిపించింది. ఈసీజీలో గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. అలాంటి గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకి ఎగిరి వెళ్లడం మామూలే. ఇది పక్షవాతమే, కాకపోతే చూపుకి వచ్చిన పక్షవాతం. మూతి, చెయ్యి, మాట మాత్రమే చూసుకునే జనం దీన్ని పోల్చుకోలేరు, నొప్పి కూడా ఉండకపోవచ్చు.

అందుకే ఒక పక్క చూపు హఠాత్తుగా పోతే వెళ్లాల్సింది కళ్లజోళ్ల షాపుకి కాదు, స్కాన్ ఉన్న పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా 4.5 గంటలే గడువు. పొద్దున లేవగానే తెలిస్తే, ఆ గడువు లేచినప్పటి నుంచి కాదు, రాత్రి ఆఖరుసారి బాగున్నప్పటి నుంచి లెక్క. అలాంటివారిలో కొందరికి ఎమ్మారై చూసి ఇంకా ఇంజెక్షన్ ఇవ్వవచ్చో లేదో తేలుస్తారు. ఏదేమైనా షాపులో గడిచిన గంటలు తిరిగి రావు.

పోయిన చూపు తిరిగొస్తే ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే వస్తుంది, చాలామందికి కొంతే వస్తుంది. ఆ తర్వాత నేర్చుకోవాల్సింది కళ్లను పదేపదే ఎడమకి తిప్పి వెతకడం. తెలుగు పేపరు చదివేవారికి ఎడమ సగం పోతే వరుస మొదలు దొరకదు, కుడి సగం పోతే రాబోయే మాట కనిపించక చదువు నత్తనడక నడుస్తుంది. కుడి నుంచి ఎడమకి సాగే ఉర్దూ చదివేవారికి ఈ లెక్క తారుమారు. పెద్దాయనకి ఓ రంగు స్కేలు ఇచ్చి, పేపరు ఎడమ అంచుకి ఆనించి పెట్టుకోమన్నారు, వరుస అయిపోయిన ప్రతిసారీ ఆ రంగు కనిపించేదాకా కళ్లు వెనక్కి తిప్పాలి. స్కూటర్ తాళం మాత్రం కొడుకు దగ్గర ఉంచమన్నారు. మళ్లీ ఫీల్డ్ టెస్ట్ చేసి చూసేదాకా బండి నడపకూడదు.